వెబ్ చిరునామాలో తెలుగు: వార్తకు స్లగ్ ఎలా పెట్టాలి?

తెలుగు సంఘం వెబ్‌సైట్‌లోని ఓ వార్త లింక్‌ను కాపీ చేసి వాట్సాప్ గ్రూపులో పెడితే, ఒక్కోసారి అరడజను లైన్ల నిండా శాతం గుర్తులు, అంకెలు వచ్చి పడతాయి. దాన్ని చూసి ఇదేదో మోసపు లింకు అనుకుని నొక్కనివారు కొందరు. నొక్కినా పేజీ తెరుచుకోక వదిలేసినవారు మరికొందరు. ఈ గొడవంతా వచ్చేది చిరునామాలోని చివరి ముక్క వల్ల. ఆ ముక్కనే స్లగ్ అంటారు. సంఘాల వెబ్‌సైట్లు, తెలుగు బడుల పేజీలు, సొంత బ్లాగులు నడిపే వాలంటీర్లకు పనికొచ్చేలా దీని సంగతి వివరంగా చెప్పుకుందాం.

స్లగ్ అనే మాట వార్తాపత్రికల నుంచి వచ్చింది. డెస్కులో ఒక్కో వార్తకు ఒకటి రెండు మాటల గుర్తింపు పేరు పెట్టుకునేవారు. అది పాఠకుడి కోసం పెట్టే శీర్షిక కాదు, పని కోసం పెట్టుకున్న చిన్న పేరు. వెబ్‌లోనూ దాని పని దాదాపు అదే. `https://example.org/ugadi-pachadi` అనే చిరునామాలో `ugadi-pachadi` స్లగ్. తేడా ఏమిటంటే, ఇక్కడ దాన్ని పాఠకుడు కూడా చూస్తాడు, కాపీ చేస్తాడు, ఫోన్‌లో అమ్మకు చదివి వినిపిస్తాడు.

శాతం గుర్తులు ఎక్కడి నుంచి వస్తాయి

వెబ్ చిరునామాలో నేరుగా పెట్టడానికి అనుమతి ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే. వేరే ఏ లిపి అక్షరమైనా ముందు యూటీఎఫ్-8 బైట్లుగా మారాలి. ఆపైన ఒక్కో బైటును ఒక శాతం గుర్తు, రెండు అంకెలు లేదా అక్షరాలతో రాయాలి. యూనికోడ్‌లోని తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు పడుతుంది. అంటే చిరునామాలో తొమ్మిది స్థానాలు.

ఇక్కడ గుర్తు అంటే మనం బడిలో నేర్చుకున్న అక్షరం కాదు. 'గా' మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు గ, దీర్ఘం రెండూ వేర్వేరు గుర్తులు. 'క్రాం' అయితే ఏకంగా ఐదు: క, పొల్లు, ర, దీర్ఘం, సున్నా. 'ఉగాది' మూడక్షరాల మాటే. కంప్యూటర్ లెక్కలో ఐదు గుర్తులు. చిరునామాలో ఇలా తయారవుతుంది:

```
%E0%B0%89%E0%B0%97%E0%B0%BE%E0%B0%A6%E0%B0%BF
```

మొత్తం 45 స్థానాలు. `ugadi` అని రాస్తే ఐదుతో సరిపోయేది. బ్రౌజర్ పై పట్టీలో మాత్రం చక్కగా తెలుగులోనే కనిపిస్తుంది, ఎందుకంటే బ్రౌజర్ మన కళ్ల కోసం దాన్ని వెనక్కి మార్చి చూపిస్తుంది. కాపీ చేసి వేరేచోట అతికించినప్పుడే అసలు రూపం బయటపడుతుంది. అందుకే వెబ్‌సైట్ నడిపేవారికి అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, ఇబ్బంది లింక్ అందుకున్నవారికి ఎదురవుతుంది.

ఒక శీర్షికతో లెక్క వేసి చూద్దాం

ఒక వార్తకు ఇలా శీర్షిక పెట్టారనుకుందాం: 'కువైట్‌లో తెలుగు కుటుంబాల సంక్రాంతి సంబరాలు'. శీర్షికగా దీనికి వంక పెట్టేదేమీ లేదు. మీ సాఫ్ట్‌వేర్ దీన్నే స్లగ్‌గా మార్చేసిందనుకోండి. ఐదు మాటల్లో కలిపి 39 గుర్తులున్నాయి. తొమ్మిది చొప్పున 351, మాటల మధ్య నాలుగు అడ్డగీతలు, వెరసి 355 స్థానాలు.

చాలా సంఘాల సైట్లు వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తాయి కాబట్టి దాని సంగతే చూద్దాం. అందులో స్లగ్‌కు కేటాయించిన జాగా 200 స్థానాలు. ఇంగ్లిష్‌కు అది ఎంతో ఎక్కువ. తెలుగుకు మాత్రం సుమారు 22 గుర్తులు పట్టేసరికి నిండిపోతుంది. పై శీర్షికలో 'కువైట్‌లో'కు 81, 'తెలుగు'కు 54, మధ్యలో ఖాళీలకు రెండు పోగా మిగిలినవి 63. అందులో 'కుటుంబాల' మాట కూడా పూర్తిగా పట్టదు. దీంతో చిరునామా ఇలా తెగి ఆగిపోతుంది:

```
కువైట్లో-తెలుగు-కుటుంబా
```

సంక్రాంతి మాయమైపోయింది! వార్త దేని గురించో చెప్పే మాటే లేకుండా పోయింది. తెలుగు వాక్యంలో అసలు విషయం చివరికి రావడం మామూలే కాబట్టి, ఇలా తెగినప్పుడు పోయేది తరచూ ముఖ్యమైన మాటే. మూడు నెలల తర్వాత 'కువైట్‌లో తెలుగు కుటుంబాల ఉగాది వేడుకలు' అని ఇంకో వార్త వేస్తే, దాని చిరునామా కూడా అక్కడికే తెగుతుంది. అప్పుడు వర్డ్‌ప్రెస్ రెండోదాని చివర `-2` తగిలించి ఊరుకుంటుంది. లింక్ చూసి ఏది పండగ వార్తో, ఏది కొత్త సంవత్సరం వార్తో చెప్పలేం.

ఈ శీర్షికలో కంటికి కనిపించని చిక్కు ఇంకోటి ఉంది. 'కువైట్‌లో' అని టైప్ చేసినప్పుడు ట్ కింద లో ఒత్తుగా చేరిపోకుండా, మధ్యలో వెడల్పు లేని ఓ గుర్తు పెడతాం. తెర మీద అది కనిపించదు, చిరునామాలో మాత్రం `%E2%80%8C` అని తొమ్మిది స్థానాలు తింటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని తీసేస్తాయి, కొన్ని ఉంచుతాయి. ఒకచోట తీసేసి, ఇంకోచోట ఉంచితే కంటికి దాదాపు ఒకటిగా కనిపించే రెండు చిరునామాలు వేర్వేరు అయిపోతాయి. పేజీ ఎందుకు దొరకడం లేదో గంటసేపు చూసినా అర్థం కాదు.

ఇదే వార్తకు `kuwait-telugu-sankranti` అని పెడితే 23 స్థానాలు. ఎక్కడా తెగదు. ఈ తేడా కాగితం మీద కూడా తెలుస్తుంది. కార్యక్రమం కరపత్రం మీద క్యూఆర్ కోడ్ వేస్తారు కదా. `https://example.org/` తర్వాత ఈ చిన్న స్లగ్ పెడితే ఒక్కో వైపు 29 గళ్ల కోడ్ చాలు. 355 స్థానాల పూర్తి తెలుగు స్లగ్ పెడితే, అతి తక్కువ స్థాయి దోష సవరణతో కూడా 69 గళ్ల కోడ్ కావాలి. హాలు గోడకు అంటించిన చిన్న కాగితం మీద అన్నేసి గళ్లుంటే దూరం నుంచి ఫోన్ కెమెరా పట్టుకోవడం కష్టం.

గుణింతాలు రాలిపోతే

సొంతంగా కోడ్ రాసుకుని సైట్ కట్టినవారికి ఎదురయ్యే ఇబ్బంది దీనికన్నా విచిత్రంగా ఉంటుంది. సంఘంలో ఎవరో ఒకరి అబ్బాయో అమ్మాయో పైథాన్‌లో, జాంగో వాడి సైట్ తయారుచేశారనుకుందాం. శీర్షిక నుంచి స్లగ్ చేసే పని అందులో ముందే ఉంది. దానికి తెలుగు ఇస్తే జరిగేది ఇది:

```python
from django.utils.text import slugify
slugify("తెలుగు బడి")                      # ''
slugify("తెలుగు బడి", allow_unicode=True)  # 'తలగ-బడ'
```

మొదటి పద్ధతిలో ఇంగ్లిష్ కానివన్నీ ఎగిరిపోయి స్లగ్ ఖాళీగా మిగిలింది. రెండోదానిలో తెలుగును ఉంచమని అడిగాం. ఉంచింది, కానీ గుణింతాలన్నీ రాల్చేసింది. 'తెలుగు' కాస్తా 'తలగ' అయింది. కారణం ఏమిటంటే, పైథాన్‌లో మాటకు చెందిన అక్షరం అనే లెక్కలోకి అక్షరాలు, అంకెలు వస్తాయి. యూనికోడ్‌లో మన కొమ్ములు, గుడులు, సున్నా, పొల్లు అక్షరాల జాబితాలో లేవు. అవి అక్షరానికి అతుక్కునే గుర్తులుగా వేరే జాబితాలో ఉన్నాయి. ఇంగ్లిష్‌లాంటి లిపిని దృష్టిలో పెట్టుకుని రాసిన నియమానికి అవి చెత్తలా కనిపించి, ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకంతో పాటు ఊడ్చుకుపోతాయి.

చూడ్డానికి నవ్వొచ్చినా నష్టం చిన్నది కాదు. కాలు, కూలి, కల మూడూ 'కల' అయిపోతాయి. 'సంక్రాంతి' అయితే 'సకరత'. తెలుగు చదవలేని పిల్లవాడు కోడ్ రాస్తే, వచ్చిన ఫలితంలో తెలుగు అక్షరాలు కనిపిస్తున్నాయి కాబట్టి సరిగ్గానే ఉందనుకుంటాడు. పెద్దవాళ్లలో ఒకరు పక్కన కూర్చుని చదివి చూస్తేనే దొరికే తప్పు ఇది. పరీక్షించడానికి 'సంక్రాంతి' మంచి మాట. సున్నా, పొల్లు, ఒత్తు, దీర్ఘం, గుడి అన్నీ అందులోనే ఉన్నాయి. అది చెక్కుచెదరకుండా బయటికి వస్తే మిగతావాటి గురించి పెద్దగా భయపడక్కర్లేదు.

తెలుగులో పెట్టాలా, ఇంగ్లిష్ అక్షరాల్లోనా?

తెలుగు లిపి స్లగ్ తప్పేమీ కాదు. తెలుగు వికీపీడియా మొదటినుంచీ పేజీ పేరునే తెలుగులో చిరునామాగా వాడుతోంది, హాయిగా నడుస్తోంది. అక్కడ పేజీ పేరు సాధారణంగా ఒకటి రెండు మాటలే, దాన్ని మోయగల సాఫ్ట్‌వేర్ ఉంది, చాలామంది వెతుక్కునో, లోపలి లింకుల నుంచో వస్తారు. నిఘంటువు లాంటి సైట్లకూ అదే సరైన దారి. గూగుల్‌కు కూడా తెలుగు చిరునామాలతో ఇబ్బంది లేదు.

వార్తల సంగతి వేరు. వార్త చేతులు మారుతూ ప్రయాణిస్తుంది. వాట్సాప్ నుంచి ఈమెయిల్‌కు, అక్కడి నుంచి సంఘం సావనీర్‌లోని అచ్చు పేజీకి, అక్కడి నుంచి ఎవరో చూసి టైప్ చేసే ఫోన్‌కు. దానికితోడు బయటి దేశాల్లో పెరిగిన మన పిల్లల్లో తెలుగు మాట్లాడగలిగి చదవలేనివారు ఎందరో ఉన్నారు. `bathukamma` అని కనిపిస్తే వాళ్లకు అమ్మ చెప్పే మాటేనని తెలుస్తుంది. అందుకే వార్తా సైట్లకు, సంఘాల పేజీలకు శీర్షిక, వ్యాసం తెలుగులో ఉంచి స్లగ్ మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టడమే మేలని నా అభిప్రాయం. దీనివల్ల తెలుగులో వెతికేవారికి వార్త దొరకదేమోనని బెంగ అక్కర్లేదు. వెతుకులాటలో శీర్షికకు, లోపలి వ్యాసానికి ఉన్న బరువు ముందు చిరునామాలోని మాటలది చాలా చిన్న పాత్ర.

అయితే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి లేదు. ఇంటర్నెట్ తొలినాళ్లలో తెలుగు రాసుకున్నవారికి ఆర్టీఎస్ గుర్తుండే ఉంటుంది. అందులో చిన్న, పెద్ద అక్షరాల తేడాతో త, ట వేరవుతాయి, ల, ళ వేరవుతాయి. శాస్త్రీయంగా బాగుంటుంది గానీ చిరునామాకు పనికిరాదు. స్లగ్‌లను అన్నీ చిన్న అక్షరాల్లోనే ఉంచడం ఆనవాయితీ, సాఫ్ట్‌వేర్లు కూడా అలాగే మార్చేస్తాయి. చాలా సర్వర్లకు `Kala`, `kala` రెండు వేర్వేరు పేజీలు కావడమే దానికి కారణం. అన్నీ చిన్నవి చేశాక 'కల', 'కళ' ఒకటే అవుతాయి. పండితులు వాడే, అక్షరాల మీద గీతలు, కింద చుక్కలు ఉన్న పద్ధతి ఇంకా కష్టం. ఆ గీతలూ చుక్కలూ మళ్లీ శాతం గుర్తులుగానే మారతాయి.

కాబట్టి జనం ఎలా రాస్తున్నారో అలాగే రాయడం మంచిది. `ugadi`, `pulihora`, `gongura`, `kuchipudi` లాంటివి ఇప్పటికే స్థిరపడ్డాయి. వాటికి కొత్త స్పెల్లింగ్ కనిపెట్టొద్దు. రెండు రకాలుగా నడుస్తున్నవాటిలో మాత్రం ఒకటి ఎంచుకోవాలి. `sankranti`, `sankranthi` రెండూ వాడుకలో ఉన్నాయి, ఏది ఎంచుకున్నా ఫర్వాలేదు. ఒకే సైట్‌లో ఒక ఏడాది ఒకటి, మరో ఏడాది ఇంకోటి రాస్తేనే తంటా. దీర్ఘాలకు ప్రతిచోటా రెండేసి అక్షరాలు పెట్టనక్కర్లేదు. అర్థం మారిపోయే చోట మాత్రం జాగ్రత్త పడాలి. పాటల పోటీ గురించి రాస్తూ `pata-poti` అంటే 'పాత'కూ 'పాట'కూ తేడా తెలియదు. అక్కడ `telugu-songs-contest` అని ఇంగ్లిష్ మాటే పెట్టేయడం నయం. వీసా, స్కూలు, పాస్‌పోర్టు లాంటివాటికి ఎలాగూ ఇంగ్లిష్ మాటలే వాడతాం. రాసేవారు ఇద్దరు ముగ్గురుంటే, తరచూ వచ్చే యాభై మాటలకు స్పెల్లింగ్ ఖాయం చేసి ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే ఏ వాదనా ఉండదు.

తెలుగుకే ప్రత్యేకమైన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మన మాటల చివర విభక్తులు అతుక్కుని ఉంటాయి. 'కువైట్‌లో' అని శీర్షికలో ఉంది కదా అని `kuwaitlo` అని రాస్తే అది ఏ ఊరో తెలియదు. లో, కు, తో, నుంచి లాంటివి తీసేసి మూలపదాన్నే ఉంచాలి. అలాగే సంధి కలిసిన మాటను విడదీయాలి. 'తెలుగింటి వంటలు' అన్నదాన్ని `telugu-inti-vantalu` అని రాస్తే తెలుగు అన్న మాట కంటికి దొరుకుతుంది. మాటల మధ్య అడ్డగీతే పెట్టండి, కిందిగీత వద్దు. లింకుల కింద మామూలుగా గీత ఉంటుంది కాబట్టి కిందిగీత అందులో కలిసిపోయి ఖాళీలా కనిపిస్తుంది. గూగుల్ సలహా కూడా అడ్డగీతే.

స్లగ్‌లో ఏది రాయకూడదు

శీర్షికను ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. స్లగ్ మాత్రం మొదటిసారి పంచుకున్న క్షణం నుంచి వందల ఫోన్లలో ఉండిపోతుంది. మామూలు వార్తలకు ఇది పెద్ద విషయం కాదు. విదేశంలో మనవాళ్లు ఎవరైనా ప్రమాదంలో చిక్కుకున్నప్పుడు, చనిపోయినప్పుడు చాలా పెద్ద విషయం.

తెల్లవారుజామున రోడ్డు ప్రమాదం వార్త వచ్చిందనుకుందాం. తొలి సమాచారం ముగ్గురు మృతి అని. స్లగ్ `road-accident-three-telugu-students-dead` అని పెట్టేశారు. మధ్యాహ్నానికి తెలిసింది, ఒకరు ఆస్పత్రిలో ప్రాణాలతో ఉన్నారని. శీర్షిక మార్చారు, వార్త మార్చారు. కానీ ఊళ్లో ఆ అమ్మాయి మేనమామ ఫోన్‌కు చేరిన లింక్‌లో ముగ్గురు చనిపోయినట్టే ఉంటుంది. అదే `telugu-students-road-accident` అని పెట్టి ఉంటే మార్చాల్సిన పనే ఉండేది కాదు. మృతుల సంఖ్య, కారణం, నేరం ఎవరిదన్నది, పోలీసులు చెప్పకముందే హత్య, ఆత్మహత్య అన్న మాటలు స్లగ్‌లోకి రాకూడదు. ఏం జరిగిందన్న మోటా సంగతి చాలు. వైద్య ఖర్చులకు సాయం కోరే వార్తల్లో రోగి పేరు, జబ్బు పేరు కలిపి పెట్టడం కూడా మంచిది కాదు. కోలుకుని ఉద్యోగానికి వెళ్లే రోజున ఆ పేరుతో వెతికినవారికి అదే ఎదురవుతుంది.

ఏడాది అంకె విషయంలో ఒక్క ప్రశ్న వేసుకుంటే సరిపోతుంది: ఇదే పేజీని వచ్చే ఏడాది దిద్ది వాడతామా? వీసాకు కావలసిన కాగితాల జాబితా లాంటిదైతే దిద్ది వాడతాం, కాబట్టి ఏడాది వద్దు. సంక్రాంతి సంబరాల వార్త ప్రతి ఏడాదీ కొత్తదే, కాబట్టి చివర ఏడాది ఉండాలి.

లింక్ పనిచేయకపోతే, మార్చాల్సి వస్తే

పాడైన తెలుగు లింక్‌ను చూసి రోగం చెప్పడం అంత కష్టం కాదు. ప్రతి తెలుగు గుర్తూ `%E0`తో మొదలై, వెంటనే `%B0` లేదా `%B1` వచ్చి, మూడో ముక్కతో ముగుస్తుంది. లింక్ చివర `%E0%B0` దగ్గర ఆగిపోతే ఎక్కడో దారిలో తెగిందని అర్థం. ఈమెయిల్ రెండు లైన్లుగా విరగ్గొట్టినప్పుడు ఇలా జరుగుతుంది. పంపినవారిని మళ్లీ అడగడమే మార్గం. `%25E0` అని కనిపిస్తే మాత్రం తప్పు సైట్‌లోనో, మధ్యలో లింక్‌ను అందించిన సాఫ్ట్‌వేర్‌లోనో ఉంది. శాతం గుర్తునే ఇంకోసారి శాతం గుర్తుగా మార్చేశారు. `25` అన్నచోటల్లా ఆ రెండంకెలు తీసేసి చూస్తే పేజీ తరచూ తెరుచుకుంటుంది.

పాత స్లగ్ మార్చాలంటే పాతదాని నుంచి కొత్తదానికి శాశ్వత దారి మళ్లింపు పెట్టాలి. ప్రచురించిన వార్త స్లగ్‌ను మారిస్తే వర్డ్‌ప్రెస్ పాతదాన్ని గుర్తుపెట్టుకుని తనే మళ్లిస్తుంది. అపాచీ సర్వర్ మీద నేరుగా నడిచే సైట్ అయితే ఒక లైన్ చాలు:

```
Redirect 301 /kuwait-sankranthi /kuwait-telugu-sankranti
```

ఖాళీ అయిన పాత స్లగ్‌ను ఇంకో వార్తకు ఇవ్వకండి. పాత లింక్ దాచుకున్నవారు వేరే వార్తకు చేరతారు. పాత తెలుగు స్లగ్‌లు వందల్లో ఉంటే అన్నీ మార్చే పని పెట్టుకోవద్దు. పనిచేస్తున్నవాటిని అలాగే వదిలేసి, కొత్తవాటికి కొత్త పద్ధతి పాటిస్తే చాలు.

కొత్తగా సైట్ కట్టిస్తున్నవారు మాత్రం వార్త సంఖ్యను స్లగ్‌కు ముందు పెట్టమని అడగండి: `/news/4821/kuwait-telugu-sankranti`. పేజీని వెతికి తెచ్చేది సంఖ్య, చదువుకోవడానికి స్లగ్. స్టాక్ ఓవర్‌ఫ్లో ఇలాగే నడుస్తుంది. లింకులు తెగేది ఎప్పుడూ చివరే కాబట్టి, సగం స్లగ్ పోయినా సంఖ్య మిగిలి పేజీ తెరుచుకుంటుంది. స్లగ్ దిద్దినా పాత లింకులు చెడిపోవు. సంఖ్యను చివర పెట్టిన సైట్లు చాలానే ఉన్నాయి, అక్కడ ముందుగా పోయేది ఆ సంఖ్యే.